మెలటోనిన్‌కు వేళ తెలియాలి

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రుల సామాన్లలో పచ్చళ్లు, పొడులు, బీపీ మాత్రలతో పాటు ఇప్పుడు మెలటోనిన్ కూడా చేరింది. తిరిగి వచ్చేటప్పుడు అదే మందు రంగురంగుల గమ్మీల డబ్బాలుగా మారి చుట్టాలకు కానుకగా అందుతోంది. ప్రయాణం బడలికకని కొన్న మాత్రని నిద్రపట్టని తాతగారికి ఒకటి, పదకొండైనా పడుకోని మనవడికి ఒకటి ఇస్తున్నారు. ఈ ముగ్గురి సమస్యా పైకి ఒకటే, రాత్రి నిద్ర లేదు. లోపలి కారణాలు మాత్రం వేరువేరు. దేహంలోని గడియారం తప్పుడు వేళ చూపిస్తున్న చోట మెలటోనిన్ నిజంగా మేలు చేస్తుంది. గడియారం సరిగానే ఉండి, నిద్ర ఇంకేదో కారణంతో చెడినచోట దాని మేలు చాలా స్వల్పం. మోతాదు, వేళ, వయసు గురించిన ప్రశ్నలన్నీ ఈ తేడా దగ్గరే తేలతాయి. అందుకే ముందు ఆ గడియారం పనితీరు చూడాలి.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధుల నిపుణుడు ఆరన్ లెర్నర్ 1958లో పశువుల మెదళ్ల నుంచి తీసిన పీనియల్ గ్రంథుల్లో మెలటోనిన్‌ను వేరుచేశాడు. ఆయన వెతికింది నిద్రమందు కోసం కాదు, చర్మం రంగును మార్చే పదార్థం కోసం. కప్ప చర్మాన్ని పాలిపోయేలా చేసింది గనక దానికి ఆ పేరు పెట్టాడు. నిద్రతో దాని సంబంధం తర్వాత తెలిసింది. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి దాన్ని విడుదల చేస్తుంది, తెల్లవారేసరికి ఆపేస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఆ గ్రంథికి చెప్పేది మెదడు అడుగున, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన ఉండే నాడీకణాల గుంపు. సుమారు 20 వేల కణాలున్న ఆ గుంపే మన జీవ గడియారం. కంటి నుంచి వచ్చే వెలుగును బట్టి అది రోజూ తన వేళ సరిచూసుకుంటుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎలుకలు రాత్రంతా మేలుకుని తిరుగుతాయి, పగలు నిద్రపోతాయి. వాటి ఒంట్లోనూ మెలటోనిన్ ఊరేది రాత్రి పూటే. అంటే అది ప్రాథమికంగా నిద్రను తెచ్చే పదార్థం కాదు, రాత్రి అయిందని దేహానికి అందే కబురు. మిల్లు సైరన్ మోగితే షిఫ్టు వేళ అయిందని కార్మికులకు తెలుస్తుంది, అంతేగానీ సైరన్ వాళ్లను చేయిపట్టి లోపలికి లాక్కుపోదు. మెలటోనిన్ కూడా అంతే.

మాత్రగా మింగినప్పుడు అది రెండు పనులు చేస్తుంది. మొదటిది, కొద్దిపాటి మగత. ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. రెండోది గడియారాన్ని జరపడం. వేళకు పడుకునే పెద్దవాళ్లలో నిద్రకు సుమారు రెండు గంటల ముందు ఒంట్లో మెలటోనిన్ పెరగడం మొదలవుతుంది. అంతకు కొన్ని గంటల ముందు, అంటే దేహపు లెక్కలో మధ్యాహ్నం చివర నుంచి సాయంత్రం మధ్య మాత్ర వేసుకుంటే రాత్రి త్వరగా వచ్చిందనుకుని గడియారం ముందుకు జరుగుతుంది, మర్నాడు నిద్ర తొందరగా వస్తుంది. దేహపు లెక్కలో తెల్లవారుజామున, ఉదయాన వేసుకుంటే రాత్రి ఇంకా అయిపోలేదనుకుని గడియారం ఆలస్యమవుతుంది. ఒకే మాత్ర, వేసుకున్న వేళను బట్టి రెండు వ్యతిరేక ఫలితాలు ఇస్తుంది. ఈ జరుపుడులో మోతాదు పాత్ర చిన్నది. సరైన వేళకు పడితే అర మిల్లీగ్రాము, 3 మిల్లీగ్రాములు దాదాపు ఒకే మేరకు గడియారాన్ని జరుపుతాయని అమెరికాలో హెలెన్ బర్జెస్ బృందం కొలిచి చూపింది. మామూలు మెలటోనిన్ రక్తంలో గంట లోపే సగానికి పడిపోతుంది. అదే 10 మిల్లీగ్రాములు మింగితే తగ్గడానికి ఎక్కువసేపు పట్టి, ఉదయం దాకా మిగిలిపోతుంది. సాయంత్రం తొందరపెట్టాల్సిన మందు, తెల్లవారాక ఆలస్యం చేసే వేళలోనూ ఒంట్లో ఉంటుంది. మగతా వదలదు, గడియారానికీ రెండు రకాల కబుర్లు అందుతాయి. మన మందుల షాపుల్లో తేలిగ్గా దొరికే 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు అందుకే అనవసరం.

జెట్‌ల్యాగ్ విషయంలో సాక్ష్యం బలంగానే ఉంది. మందులపై జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2002లో పది ప్రయోగాలను పరిశీలించింది. అయిదు, అంతకుమించిన కాలమండలాలు దాటినవాళ్లు, దిగిన ఊళ్లో పడుకునే వేళకు, అంటే రాత్రి 10 నుంచి 12 మధ్య మెలటోనిన్ వేసుకుంటే బడలిక స్పష్టంగా తగ్గిందని ఎనిమిది ప్రయోగాల్లో తేలింది. అర మిల్లీగ్రాము నుంచి 5 మిల్లీగ్రాముల దాకా మేలు ఇంచుమించు ఒకటే. 5 మిల్లీగ్రాములకు నిద్ర కాస్త త్వరగా పట్టింది, అంతకు మించితే అదనపు లాభం లేదు. నెమ్మదిగా కరిగే 2 మిల్లీగ్రాముల మాత్ర అంతగా పనిచేయలేదు. తక్కువ సమయం బలంగా వినిపించి ఆగిపోయే కబురే గడియారానికి కావాలన్న మాట దీనితో సరిపోతుంది. పగటిపూట తప్పు వేళలో వేసుకుంటే మగత వచ్చి, కొత్త వేళకు అలవాటు పడటం ఆలస్యమవుతుందని కూడా ఆ సమీక్ష హెచ్చరించింది.

హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి

ఈ లెక్క ఒక ప్రయాణంలో ఎలా నడుస్తుందో చూద్దాం. హైదరాబాద్‌లో రాత్రి పదిన్నరకు పడుకుని ఆరుకు లేచే 65 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని జులైలో న్యూజెర్సీలోని కూతురి దగ్గరికి వెళ్తున్నారనుకుందాం. వేసవిలో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. ఆమె దిగిన రోజు దేహ గడియారం ఇంకా హైదరాబాద్ వేళలోనే ఉంటుంది. అందువల్ల అక్కడి మధ్యాహ్నం ఒంటి గంటకు ఆమె ఒంటికి పడుకునే వేళ అవుతుంది, రాత్రి ఎనిమిదిన్నరకు తెల్లవారుతుంది. మధ్యాహ్నం కూర్చున్నచోటే కునికిపాట్లు, రాత్రి రెండింటికి కళ్లు పత్తికాయల్లా విచ్చుకోవడం ఈ లెక్క ప్రకారమే జరుగుతాయి. ఆమె నిద్ర ఒంటి గంట నుంచి పదిన్నరకు, అంటే తొమ్మిదిన్నర గంటలు ఆలస్యంగా జరగాలి. మనిషి గడియారం సహజంగా 24 గంటల కంటే కొన్ని నిమిషాలు పొడవు కాబట్టి ఆలస్యం కావడం దానికి కొంత సులువు. అయినా రోజుకు గంట, గంటన్నర కంటే ఎక్కువ కదలదు. ఎంత జాగ్రత్త పడినా ఈ ప్రయాణానికి వారం పడుతుందని ముందే అనుకోవడం మంచిది.

ఇక్కడ మెలటోనిన్ కంటే పెద్ద పని వెలుగుది. మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు, ఆమె విషయంలో తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో, ఒంటి వేడి అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. దానికి ముందు కంట్లో పడే వెలుగు గడియారాన్ని ఆలస్యం చేస్తుంది, దాని తర్వాత పడేది తొందరపెడుతుంది. హైదరాబాద్ మూడున్నర అంటే న్యూజెర్సీలో సాయంత్రం ఆరు. కాబట్టి మొదటి రోజు మధ్యాహ్న భోజనం తర్వాత నుంచి అయిదున్నర దాకా ఆమె ఆరుబయట ఉంటే మంచిది. పార్కులో కూర్చున్నా చాలు. ఆరు దాటాక అక్కడి వేసవిలో ఇంకా రెండున్నర గంటల పొద్దు ఉంటుంది, ఆ వెలుగు ఆమెకు ఎదురు పనిచేస్తుంది. మొదటి రెండు రోజులు సాయంత్రం నడక మానేసి, కర్టెన్లు వేసుకుని ఇంట్లో ఉండాలి. మూడో రోజుకు వెలుగు ప్రభావం మారే ఆ గీత రాత్రిలోకి జరిగిపోతుంది, సాయంత్రాల భయం ఉండదు. పదిన్నరకు పడుకోబోయే అరగంట ముందు 3 మిల్లీగ్రాముల మామూలు మాత్రలో సగం చాలు. ఆ వేళకు ఆమె దేహంలో ఉదయం ఏడున్నర అవుతుంది, మెలటోనిన్ గడియారాన్ని బాగా ఆలస్యం చేసే సమయం అదే. నిద్రపట్టడానికి సాయం చేసే మగతా, గడియారాన్ని అవసరమైన దిక్కుకు నెట్టే బలమూ ఒకేసారి దొరుకుతాయి. నాలుగైదు రాత్రులు వేసుకుని ఆపేయాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు రాత్రి రెండింటికి మెలకువ వచ్చాక ఇంకో మాత్ర వేసుకోవడం. అప్పుడు దేహంలో పట్టపగలు. ఒళ్లు మేలుకుంటున్న వేళ ఆ చిన్న మగత దాన్ని నిద్రపుచ్చలేదు. పైగా ఆ మందు గడియారాన్ని తొందరపెట్టే వేళకు దగ్గరవుతుంది, ఉదయం కూతురు కాఫీ ఇచ్చేసరికి మగతగా ఉంటుంది. మెలకువ వస్తే లైట్లు వేయకుండా, ఫోన్ చూడకుండా పడుకుని ఉండటమే మేలు. ఆ వెలుగు మొదటి రాత్రి పెద్దగా చెరుపు చేయకపోయినా, గడియారం కొన్ని గంటలు జరిగాక, అంటే మూడు నాలుగు రాత్రులకు, వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. విమానంలో దీపాలు ఆర్పగానే మాత్ర వేసుకోవడమూ ఇలాంటిదే. ఆ చీకటి హైదరాబాద్ రాత్రికీ సరిపోదు, న్యూజెర్సీ రాత్రికీ సరిపోదు.

తిరుగు ప్రయాణం కష్టం. అక్టోబరులో వచ్చారనుకుంటే తేడా ఇప్పుడూ తొమ్మిదిన్నర గంటలే, కానీ దిక్కు మారింది. న్యూజెర్సీకి అలవాటైన ఒంటికి హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిదికి నిద్రవేళ అవుతుంది. దాన్ని ముందురోజు రాత్రి పదిన్నరకు తేవాలి, అంటే గడియారాన్ని తొందరపెట్టాలి. ఇక్కడ మన పెద్దవాళ్ల సలహా ఒకటి ఎదురు కొడుతుంది. పొద్దున్నే ఎండలో నడిస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. ఆమె ఒంటి వేడి కనిష్ఠానికి దిగే వేళ ఇప్పుడు హైదరాబాద్ మధ్యాహ్నం ఒంటి గంట. అంతకు ముందు పడే ఉదయపు ఎండ గడియారాన్ని ఆలస్యం చేస్తుంది. మొదటి రోజు మధ్యాహ్నం దాకా నీడపట్టున ఉండి, ఒంటి గంట తర్వాత వరండాలోనో డాబా మీద నీడలోనో వెలుగులో గడపాలి, సాయంత్రం నాలుగింటికి నడవాలి. ఆ గీతను రోజుకో గంట ముందుకు తెచ్చుకుంటూ పోతే వారానికి ఉదయపు నడక సరైన వేళకు వస్తుంది. మెలటోనిన్ మాత్రం మళ్లీ రాత్రి పదింటికే. అప్పుడు దేహంలో మధ్యాహ్నం పన్నెండున్నర. మొదటి రాత్రి నెట్టే బలం తక్కువే అయినా, గడియారం కదిలేకొద్దీ రెండు మూడు రోజుల్లో అదే వేళ బాగా పనిచేసే చోటికి వస్తుంది.

ఇంత పెద్ద తేడా ఉన్నప్పుడు దేహం దగ్గరి దారి వదిలి చుట్టుదారి పట్టడమూ ఉంది. తొమ్మిదిన్నర గంటలు తొందరపడటానికి బదులు పద్నాలుగున్నర గంటలు ఆలస్యమవుతూ వస్తుంది. దీన్ని గుర్తుపట్టవచ్చు. తీవ్రమైన నిద్రమత్తు మొదటి రోజు ఉదయం ఎనిమిదికి, మూడో రోజు పదకొండుకు, అయిదో రోజు మధ్యాహ్నం రెండుకు వస్తుంటే ఒళ్లు చుట్టుదారిలో ఉన్నట్టు. ఉదయం అయిదుకు, రెండుకు, రాత్రి పన్నెండుకు వెనక్కి జరుగుతుంటే దగ్గరి దారిలో ఉన్నట్టు. చుట్టుదారి పట్టిన ఒంటికి రోజులు ఎక్కువ పడతాయి, అంతకుమించి ప్రమాదమేమీ లేదు.

ఇన్ని లెక్కలు ఎవరు వేసుకుంటారు, నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుంది కదా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. జెట్‌ల్యాగ్ జబ్బు కాదు, మాత్ర లేకపోయినా తగ్గుతుంది. మూడు రోజుల పనికి వెళ్లేవాళ్లు గడియారాన్ని కదపకుండా ఊరుకోవడమే మంచిది, ఎందుకంటే అది కదిలేలోపు తిరుగు విమానం వస్తుంది. నెలల తరబడి ఉండేవాళ్లకు, ఇన్సులిన్, బీపీ మందుల వేళలు చూసుకోవాల్సిన పెద్దవాళ్లకు ఆ వారం తక్కువ కష్టంతో గడవడం చిన్న విషయం కాదు. లెక్కలన్నీ వేసుకోలేకపోయినా, దిగిన ఊరి రాత్రి వేళకు చిన్న మోతాదు అన్న ఒక్క మాట పాటిస్తే మాత్ర రెండు దిక్కుల ప్రయాణంలోనూ తప్పు వేళలో పడదు.

నిద్రలేమికి ఎంత మేలు

ఏళ్ల తరబడి నిద్రపట్టని మనిషి అదే మాత్ర అడిగినప్పుడు మాత్రం సాక్ష్యం పలచబడుతుంది. నిద్ర సమస్యలున్నవారిపై జరిగిన 19 అధ్యయనాలను, 1,683 మందిని కలిపి 2013లో ఒక విశ్లేషణ వచ్చింది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే మెలటోనిన్ వేసుకున్నవాళ్లకు నిద్ర సగటున ఏడు నిమిషాలు ముందు పట్టింది, మొత్తం నిద్ర ఎనిమిది నిమిషాలు పెరిగింది. మంచం మీద గంటన్నర దొర్లే మనిషికి ఏడు నిమిషాలు ఏమాత్రం? అమెరికాలోని నిద్ర వైద్యుల సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్ల దీర్ఘకాలిక నిద్రలేమికి మెలటోనిన్ వాడవద్దనే సూచించింది, ఆధారాలు బలహీనమని కూడా ఒప్పుకుంది. ఇక్కడ గడియారం సాధారణంగా సరిగానే ఉంటుంది. చెడిపోయింది మనిషికీ మంచానికీ మధ్య సంబంధం. నిద్రపట్టదేమోనన్న భయంతో తొమ్మిదికే పడుకోవడం, మేలుకుని పడక మీదే గంటలు గడపడం, పగలు కునుకు తీసి లోటు తీర్చుకోవడం ఆ సంబంధాన్ని ఇంకా చెరుపుతాయి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడక ఎక్కడం, పట్టకపోతే లేచి మసక వెలుతురులో కూర్చోవడం, ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవడం, పడక మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోతున్న గంటలకు కుదించి తర్వాత మెల్లగా పెంచడం ఆ సంబంధాన్ని సరిచేసే చికిత్సలో ముఖ్యమైనవి. శిక్షణ ఉన్న వైద్యుడు లేదా మనస్తత్వ నిపుణుడి సాయంతో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా చేయించే చికిత్సనే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో అందరికీ మొదటి చికిత్సగా సిఫారసు చేసింది. మొదటి రెండు వారాల్లో పగలు నిద్రమత్తు పెరుగుతుంది గనక ఆ రోజుల్లో డ్రైవింగ్ జాగ్రత్త.

నాకు మాత్రం పనిచేస్తోందని చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. సగటు ఏడు నిమిషాల వెనక రకరకాల మనుషులుంటారు. వాళ్లలో కొందరి జబ్బు అసలు నిద్రలేమి కాదు, గడియారం ఆలస్యం. రాత్రి రెండింటి దాకా నిద్రరాదు, వచ్చాక చక్కగా పడుతుంది, సెలవురోజు పదింటికి హాయిగా లేస్తారు. ఇది కాలేజీ వయసు పిల్లల్లో ఎక్కువ. వీళ్లపై ఆస్ట్రేలియాలో జరిగి 2018లో వెలువడ్డ ప్రయోగంలో, పడుకోవాలనుకున్న వేళకు గంట ముందు అర మిల్లీగ్రాము ఇచ్చి, ఆ వేళకే పడక ఎక్కమన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే సుమారు 34 నిమిషాలు ముందు నిద్రపట్టింది. మోతాదు అర మిల్లీగ్రామే. వేళ కుదరడంతో పాటు పడక క్రమం తప్పకపోవడమే దానికి బలం. కాబట్టి మెలటోనిన్ కొనేముందు సెలవుల్లో, ఎవరూ లేపని రోజుల్లో తన నిద్ర ఎలా ఉంటుందో రెండు వారాలు కాగితం మీద రాసుకుంటే చాలా తెలుస్తుంది. ఆ రోజుల్లో నిద్ర బాగుంటే గడియారాన్ని అనుమానించాలి. అప్పుడూ బాగోకపోతే మాత్రపై పెద్ద ఆశ పెట్టుకోనక్కర్లేదు. గురక, ఊపిరి ఆగడం, రాత్రి కాళ్లు లాగడం, దిగులు ఉంటే వెతకాల్సింది వాటి కారణాన్నే.

పెద్దవాళ్లకు

వయసుతో పీనియల్ గ్రంథి ఇచ్చే మెలటోనిన్ చాలామందిలో తగ్గుతుంది. తగ్గినదాన్ని మాత్రతో పూడిస్తే నిద్ర తిరిగొస్తుందన్న ఆలోచన దాని నుంచే పుట్టింది. అమెరికాలోని ఎంఐటీలో 2001లో యాభై దాటిన, నిద్ర చెడినవారికి 0.1, 0.3, 3 మిల్లీగ్రాముల మోతాదులు ఇచ్చి చూశారు. అందరికంటే మంచి ఫలితం 0.3తో వచ్చింది. 3 మిల్లీగ్రాములతో ఒంటి వేడి తగ్గింది, మర్నాడు పగలు కూడా రక్తంలో మెలటోనిన్ మిగిలింది. ఐరోపాలో 2007 నుంచి 55 దాటినవారికి నెమ్మదిగా కరిగే 2 మిల్లీగ్రాముల మాత్రకు అనుమతి ఉంది. పడుకునే గంట, రెండు గంటల ముందు, రాత్రి భోజనం తర్వాత, గరిష్ఠంగా 13 వారాలు అన్నది అక్కడి నిబంధన. మేలు పెద్దది కాకపోయినా, పడిపోయి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఉన్న వయసులో ఆల్ప్రజోలం కంటే ఇది తక్కువ హానికరం. ఇప్పటికే ఆల్ప్రజోలం వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా ఆపి దీనికి మారకూడదు, మూర్ఛలు రావచ్చు. వైద్యుడు వారాల మీద తగ్గించాలి.

ఇళ్లల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఇంకొకటి ఉంది. నాన్న ఎనిమిదికే పడుకుంటాడు, మూడింటికే లేచి కూర్చుంటాడు. అది నిద్రలేమిగా కనిపించినా, ఎనిమిది నుంచి మూడు అంటే ఏడు గంటల నిద్ర. ఆయన గడియారం తొందరపడింది, అంతే. ఆయనకు సాయంత్రం ఏడింటికి మెలటోనిన్ ఇస్తే గడియారం ఇంకా తొందరపడి, మెలకువ రెండున్నరకు జరగవచ్చు. ఆయనకు పనికొచ్చేది సాయంత్రపు వెలుగు. పొద్దుగూకే దాకా బయట నడవడం, ఇంట్లో ఏడు నుంచి తొమ్మిది దాకా మంచి వెలుతురులో కూర్చోవడం, తెల్లవారుజామున లేచినా చీకట్లోనే ఉండటం వల్ల నిద్ర మెల్లగా తొమ్మిదిన్నరకు జరుగుతుంది. మతిమరుపు వ్యాధితో రాత్రింబగళ్లు తారుమారైన వృద్ధులకు మెలటోనిన్ ఇవ్వవద్దని అమెరికా నిద్ర వైద్యుల 2015 మార్గదర్శకాలు చెప్పాయి. మేలు కనిపించలేదు, మనసు కుంగడం వంటి చెరుపు కొంత కనిపించింది.

సహజమైనదే కదా, ప్రమాదం ఏముంటుందన్న మాటకు పెద్దవాళ్ల మందుల పెట్టె చూస్తే జవాబు దొరుకుతుంది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవాళ్లు వైద్యుడికి చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. నిఫెడిపిన్‌తో అదుపులో ఉన్న బీపీ, మెలటోనిన్ కలిపినప్పుడు పెరిగినట్టు ఒక ప్రయోగంలో కనిపించింది. ఫ్లువోక్సమిన్ అనే మానసిక వైద్య మందు ఒంట్లో మెలటోనిన్‌ను ఎన్నో రెట్లు పెంచుతుంది, ఆ రెండూ కలపకూడదు. రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం తిని ఆ వెంటనే మాత్ర వేసుకునే మధుమేహులు కూడా ఆలోచించాలి. మెలటోనిన్ ఎక్కువగా ఉన్న వేళ తిన్న తిండి రక్తంలో చక్కెరను ఎక్కువసేపు పైన ఉంచుతుందని ప్రయోగాల్లో తేలింది, భోజనానికీ మాత్రకూ మధ్య రెండు గంటల ఎడం మంచిది. 2025 నవంబరులో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సదస్సులో చదివిన ఒక పరిశీలన, ఏడాదికి మించి మెలటోనిన్ వాడిన నిద్రలేమి రోగుల్లో గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించిందని చెప్పింది. అది పాత వైద్య రికార్డులు తిరగేసి తేల్చిన మాట. నిద్ర ఎక్కువగా చెడినవాళ్లే ఎక్కువకాలం మాత్ర వాడి ఉండవచ్చు, తప్పు మాత్రదే అని దాంతో రుజువు కాదు. ఏళ్ల తరబడి వాడటానికి భద్రత రుజువైందని కూడా ఎవరూ అనలేరు. నాలుగైదు రాత్రుల ప్రయాణపు వాడకానికి దీన్ని ముడిపెట్టి బెదరనక్కర్లేదు.

పిల్లలకు

పిల్లల సంగతిలో నా మాట కాస్త కటువుగా ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో మెలటోనిన్ నిద్రకు బాగా సాయపడుతుందని గట్టి ఆధారాలున్నాయి. ఐరోపాలో 2018లో రెండేళ్ల నుంచి 18 ఏళ్ల మధ్య ఆటిజం పిల్లలకు నెమ్మదిగా వదిలే మాత్రను అనుమతించారు, అదీ నిద్ర అలవాట్లు సరిదిద్దినా ఫలితం లేకపోతేనే. శ్రద్ధ నిలవని, అతిగా చురుకైన పిల్లల్లో కొందరికీ ఇది పనికొస్తుంది. ఈ కుటుంబాలు రాత్రుళ్లు పడే కష్టం నిజమైనది, వాళ్లకు మందు ఇవ్వడం తప్పు కాదు. పిల్లల వైద్యుడి పర్యవేక్షణలో అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాముతో పడుకునే అరగంట, గంట ముందు మొదలుపెట్టి, చాలినంత దగ్గర ఆగడం పద్ధతి. 3 మిల్లీగ్రాములు దాటే అవసరం చాలామందికి రాదు. ఏ సమస్యా లేని ఆరేళ్ల పిల్లవాడు పదకొండు దాకా మేలుకుంటున్నాడంటే, ముందు ఇంటి వేళలు చూడాలి. ఇల్లంతా పదింటికి భోంచేసి, టీవీ నడుస్తున్న గదిలో పిల్లవాణ్ని తొమ్మిదికి పడుకోమంటే ఏ మాత్రా సాయపడదు. యుక్తవయసు వచ్చే తీరుపై ఏళ్ల తరబడి వాడకం ప్రభావం ఏమిటో తేల్చే దీర్ఘకాలిక పరిశోధన ఇంకా చాలినంత లేదు. ప్రయాణం చేసివచ్చిన చిన్నపిల్లలకు మాత్ర అవసరం లేదు, వెలుగు, ఆట, తిండి వేళలతోనే వాళ్లు సర్దుకుంటారు.

చుట్టాలు తెచ్చే గమ్మీల మీద ప్రత్యేకంగా అభ్యంతరం ఉంది. అమెరికాలో 1994 చట్టం ప్రకారం మెలటోనిన్ మందు కాదు, ఆహార పూరకం. అమ్మకానికి ముందు ప్రభుత్వ పరీక్ష ఉండదు. 2023లో అక్కడ 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో డబ్బా మీద రాసిన మోతాదు తప్పు. రాసినదాంట్లో 74 శాతం ఉన్నవాటి నుంచి మూడున్నర రెట్ల దాకా ఉన్నవీ దొరికాయి, ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు. మోతాదు, వేళ ఇంత జాగ్రత్తగా చూడాల్సిన పదార్థాన్ని, ఎంతుందో తెలియని తీపి బిళ్లగా పిల్లల చేతికి ఇవ్వకూడదన్నది దాన్నిబట్టే తేలుతుంది. 2012లో అమెరికా విష నియంత్రణ కేంద్రాలకు పిల్లలు మెలటోనిన్ మింగిన కేసులు 8,337 వచ్చాయి, 2021లో 52,563 వచ్చాయి. ఎక్కువమందికి మగత తప్ప ఏమీ కాలేదు, కానీ ఆ పదేళ్లలో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. ఇంట్లో ఈ డబ్బా ఉంటే పిల్లల కంటికి మిఠాయిలాగే కనిపిస్తుంది. దాన్ని తాళం వేసిన బీరువాలో పెట్టాలి, పిల్లల ఎదుట చాక్లెట్ అని పేరు పెట్టకూడదు. పిల్లవాడు ఎన్నో మింగాడని అనుమానం వచ్చి, లేపితే లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఆపకుండా వాంతులవుతున్నా తెల్లారేదాకా ఆగకుండా డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. అందులో ఏమేమి కలిపారో తెలియడానికి డాక్టరుకు ముందుగా కావాల్సింది ఆ డబ్బా మీది చీటీయే.